లిల్లీ నమ్మని మాటలు

పెళ్లయి అత్తగారింటికి వచ్చిన కొత్తలో సారికకు గోదావరిఖనిలో నచ్చనిదంటూ ఏదీ కనబడలేదు. గని సైరన్ మోగినా నచ్చేది, ఎందుకంటే ఆ కూత తర్వాత కాసేపటికే గేటు ముందు టోనీ బండి ఆగేది. ఉదయం ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి మీద సాయంత్రానికి సన్నగా బొగ్గు నలుసు పడితే, దాని మీద వేలితో మొగుడి పేరు రాసి మురిసిపోయేది. అత్త సుసన్నా చూసి, "ఆ దుప్పటి మళ్ల పిండాలె బిడ్డా. నీకు నవ్వెట్ల వస్తుందే తల్లీ" అనేది. కోపంగా కాదు. ఆమెకూ నవ్వే వచ్చేది.

టోనీ గని మీద ఎలక్ట్రీషియన్. మామ యిర్మియా అదే గనిలో సర్దారుగా పనిచేసి రిటైరయ్యాడు. కూలీలు పనికి దిగే ముందు లోపల అంతా తిరిగి చూసి, ఇక్కడ పనిచేయవచ్చు, ఇక్కడ కూడదు అని చెప్పే సర్దారు. ఇంట్లో కూడా ఆ మాటే చెల్లేది. ఇక నాలుగో మనిషి టోనీ అక్క లిల్లీ. సారికకు వదిన.

లిల్లీ నర్సింగ్ చదివింది. చౌరస్తా దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరింది. ఇంగ్లీషు బాగా వస్తుందని అక్కడి డాక్టరు ఆమెను కౌంటరు దగ్గర కూర్చోబెట్టాడు. ఫోన్లు ఎత్తడం, చీటీలు రాయడం. "నా చేతికి సూది తగిలి ఎన్నాళ్లయిందో" అని ఒకసారి అన్నం తింటూ అంది. ఆమెకు కావలసింది పిల్లల వార్డు. వాళ్ల చర్చికి ఒక మిషన్ ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఆఫ్రికాలో, కామెరూన్‌లో. అక్కడ పిల్లల వార్డుకు ఒక నర్సు కావాలి. ఫ్రెంచి మాట్లాడాలి, వయసు ముప్పైలోపు ఉండాలి. లిల్లీకి వచ్చే క్రిస్మస్ లోపే ముప్పై నిండుతాయి. అంటే ఇదే మొదటిది, ఇదే చివరిది.

ఇలాంటి కబురు ఎప్పటికైనా వస్తుందని రెండేళ్లుగా ఫోనులో ఫ్రెంచి పాఠాలు వింటోంది. సారిక ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా పడతాయని రెండో భాషగా ఫ్రెంచి తీసుకుని, తర్వాత ఇష్టం పుట్టి డిగ్రీ కూడా అందులోనే చేసింది. ఈ సంగతి పెళ్లి చూపుల్లోనే తెలిసి, పెళ్లికొడుకు కన్నా ముందు లిల్లీయే సంబంధం ఖాయం చేసేసిందని టోనీ ఇప్పటికీ ఉడికిస్తాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక లిల్లీ ఫ్రిజ్ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, తన పరిచయం ఫ్రెంచిలో అప్పజెప్పింది. ఆగకుండా, గలగలా. పేరు, ఊరు, చదువు. చివరికి రెండు చేతులూ పైకెత్తి, "జ స్వి బ్లెసే" అంది.

సారిక నవ్వు ఆపుకోలేక గ్యాసు బండ పట్టుకుంది.

"ఏందే గా నవ్వు? దేవుని దయ ఉన్నదని చెప్పిన. తప్పా?"

"నువ్వు దేవుని దయ అనలేదు వదినా. 'నాకు దెబ్బ తాకింది' అన్నవ్."

"దెబ్బనా? బ్లెస్ అంటే ఆశీర్వాదం గదా!"

"ఇంగ్లీషుల. ఫ్రెంచిల బ్లెసే అంటే గాయమైనోళ్లు. ఆశీర్వాదం అందుకున్నోళ్లను బెనీ అంటరు."

సోఫాలో పడుకున్న టోనీ తల ఎత్తకుండానే, "మా అక్క కరెక్టే చెప్పింది. ఆ కౌంటరు కాడ కూసుంటే గాయం గాకపోతే ఇంకేం తాకుతది" అన్నాడు. లిల్లీ దిండు విసిరింది.

ఆ రోజు నుంచీ సారిక పాఠం మొదలుపెట్టింది. ఎంత హుషారుగా మొదలుపెట్టిందంటే, బియ్యం ఏరుతూ, పచ్చిమిరపకాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ అదే పాఠం. ఫ్రెంచి, ఇంగ్లీషు మాటలు కొన్ని అచ్చం ఒక్కలాగే కనబడతాయనీ, అర్థాలు మాత్రం వేరనీ, ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు అక్కడే బోల్తా పడతారనీ చెప్పింది.

"ఎట్లంటే వదినా, లిబ్రెరీ అన్న మాట ఉన్నది. రాసి చూస్తే మన లైబ్రరీ లెక్కనే కొడ్తది. కానీ ఫ్రెంచిల అది పుస్తకాలు అమ్మే దుకాణం. సదువుకొని తిరిగిచ్చే లైబ్రరీకి బిబ్లియోతెక్ అంటరు."

"గట్లెందుకైంది? వాళ్లది వీళ్లు తీసుకున్నరా, వీళ్లది వాళ్లు తీసుకున్నరా?"

"ఇంగ్లీషోళ్లే ఫ్రెంచోళ్ల కాడికెళ్లి తీసుకున్నరు. అప్పుడు ఆ మాటకు అక్కడ కూడా పుస్తకాలుండే చోటు అనే అర్థం. తర్వాత ఫ్రాన్సుల అది దుకాణం దిక్కు పోయింది, ఇంగ్లీషుల ఉన్న కాడనే ఉన్నది."

కిటికీ అవతల అరుగు మీద కూర్చున్న యిర్మియా వినడు అనుకున్నారు గానీ విన్నాడు. "అంటే ఒక్క కడుపున పుట్టిన అక్కచెల్లెండ్లు. ఒకామెను బెల్లంపల్లికి ఇచ్చిన్రు, ఒకామెను బసంత్‌నగర్‌కి ఇచ్చిన్రు. ముఖం ఒక్కటే, సంసారాలు వేరు" అన్నాడు.

"అంతే మామయ్యా! నాకన్న మంచిగ చెప్పిన్రు" అని సారిక చప్పట్లు కొట్టింది. ముసలాయన మీసం కింద మురిసిపోయాడు. పాఠంలోకి ఆయన వచ్చింది అప్పుడే.

ఆక్త్యుయెల్‌మాఁ అన్న మాట దగ్గర లిల్లీ మొండికేసింది. ఇంగ్లీషులో ప్రతి వాక్యం 'యాక్చువల్లీ' అని మొదలుపెట్టే అలవాటు ఆమెది. ఫ్రెంచిలోనూ అదే దంచుతోంది.

"నువ్వు అన్నదానికి 'నిజానికి నేను నర్సును' అని అర్థం రాదు వదినా. 'ప్రస్తుతానికి నేను నర్సును' అని వస్తది. రేపు మానేస్తదేమో అనుకుంటరు. నిజానికి అనాలంటే ఆఁఫేత్ అనాలె."

"అబ్బ, నా తలకాయల అది ఎక్కదే."

సారిక కిటికీలోంచి బయటికి చూసింది. పక్క క్వార్టర్లో ఉండే హిందీవాళ్ల అమ్మాయి సంచి తగిలించుకుని బడికి పోతూ కనబడింది.

"సరే, గిట్ల చూడు. ఆ పిల్ల వాళ్ల నాయన ఏమంటడు? 'మా బిడ్డకు మంచి శిక్ష కావాలె' అంటడు. నీకు ఏమనిపిస్తది?"

"పాపం, ఏం తప్పు చేసింది?" అని లిల్లీ నోరు జారి, వెంటనే తానే కిసుక్కున నవ్వింది. "హిందీల శిక్ష అంటే సదువు గదా!"

"మనకేమో దండన. మాట ఒక్కటే, సంస్కృతం కాడికెళ్లి రెండు దిక్కులా వచ్చింది. మనకు ఉపన్యాసం అంటే మైకు పట్టుకొని మాట్లాడుడు, వాళ్లకు ఉపన్యాస్ అంటే నవల. వాళ్లతోని మాట్లాడినప్పుడు నువ్వు తడబడుతవా? లేదు గదా. ఇది కూడా గంతే."

"సదువన్నా దండనన్నా నాకైతే ఒక్కటే కొట్టింది స్కూల్ల" అన్నాడు టోనీ.

లిల్లీ ముఖంలో ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. ఆ తర్వాత ఆక్త్యుయెల్‌మాఁ ఎప్పుడూ తప్పుగా అనలేదు. సారికకు ఆ రాత్రి నిద్ర పట్టనంత సంతోషం. టోనీని లేపి మరీ, "ఇంగ్లీషు నుంచి పోతే దారి తప్పుతున్నది, మన తెలుగు–హిందీ నుంచి పోతే సీదా పోతున్నది" అని చెప్పింది. టోనీ, "నాకు ఫస్ట్ షిఫ్టు ఉన్నది" అని దుప్పటి ముసుగేశాడు.

ఇక నర్సు పనికి వచ్చే మాటలు ఏరి పెట్టింది సారిక. మెద్‌సాఁ అంటే మందు కాదు, డాక్టరు. మందుకు మెదికామాఁ. రెస్తే అంటే రెస్టు తీసుకోవడం కాదు, ఉండిపోవడం. పేషెంటు తల్లిని రెస్తే అంటే ఇక్కడే ఉండమన్నట్టు. దెమాందే అంటే గద్దించి అడగడం కాదు, ఉత్తగా అడగడం. ఆసిస్తే అంటే ఆపరేషన్‌కు సాయం పట్టడం అనుకోకు, ఊరికే అక్కడ ఉన్నా ఆ మాటే వాడతారు. పాసే అంటే పరీక్ష పాసవడం కాదు, రాయడం. పాసవడానికి రెయుసీర్.

"ఇన్ని మోసాలా?" అంది లిల్లీ కళ్లు పెద్దవి చేసి.

"మోసం ఒక్కటే దిక్కు ఉంటదా" అని యిర్మియా అరుగు మీది నుంచి లోపలికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "లిల్లీ, ఇను. మేం గనిలకు దిగినంక ఫస్టు ఏం చేస్తం? పైన కప్పును రాడుతోని కొట్టి చూస్తం. గట్టిగున్న కప్పు ఖంగుమంటది. లోపల డొల్లగుంటే డబ్బుమంటది. కండ్లకు రెండూ ఒక్కతీర్గనే కనబడ్తయి. మంచిగున్నది గదా అని కింద నిలబడ్డోడే పోతడు. కప్పు మంచిగ కనబడితే ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాలె. నువ్వు కూడా మాటను కొట్టి చూసినంకనే దాని కిందికి పో."

లిల్లీ తలూపింది. చిన్నప్పటి నుంచి తండ్రి గని మాటలు విని పెరిగిన పిల్ల. ఆ మాటలు మనిషిని ఇంటికి తిరిగి తెస్తాయని ఆమెకు తెలుసు. సారికకు కూడా ఆ పోలిక ఎంత నచ్చిందంటే, "వావ్ మామయ్యా" అని ఇంట్లో అందరికీ చాయ్ పెట్టింది.

అప్పటి నుంచి ఇల్లంతా ఒకటే ఆట. లిల్లీ చెప్పులు వేసుకుంటుంటే యిర్మియా గేటు దగ్గర నుంచి "లిబ్రెరీ!" అని అరిచేవాడు. ఆమె "దుకాణం!" అని తిరిగి అరిస్తేనే గొళ్ళెం తీసేవాడు. పళ్లు ఊడిన నోట్లో ఆ మాట 'లిబ్బలేరి' అయ్యేది. సుసన్నా పూలు కట్టుకుంటూ, "బ్లెసే!" అనేది. "గాయం!" "దేవా, గీ పాడు భాష" అని శిలువ గుర్తు వేసుకునేది. టోనీ బాత్‌రూమ్‌లోంచి, "ఆక్ట్ చేసే మామ!" అని కేకేసేవాడు. "ప్రస్తుతం రా తమ్మీ, ప్రస్తుతం!" లిల్లీ ఒక్కటీ తప్పలేదు. సారిక ఆ ఆట చూసి, తను ఎంత అదృష్టవంతురాలో అనుకుని టోనీ వీపు మీద గుద్దేది.

తేడా మొదలైంది అన్నం దగ్గర. లిల్లీ ముద్ద కలుపుతూ ఆగిపోయి, "సారికా, తాబ్ల్ అంటే టేబులేనా?" అంది.

"టేబులే. ఇంకేముంటది?"

"ఖాయమేనా?"

సారిక పకపకా నవ్వింది. "ఖాయమే వదినా!" అప్పుడు నవ్వే వచ్చింది, ఇంకేమీ రాలేదు.

మర్నాడు ఫ్రువీ అంటే పండేనా అని అడిగింది. ఆ తర్వాత దాంజే అంటే నిజంగా డేంజరేనా అని. ఒక సాయంత్రం సారిక, "రా వదినా, ఊకే ముచ్చట పెడదాం. ఇయ్యాల దవాఖానల ఏం జరిగిందో ఫ్రెంచిల చెప్పు" అంది. ఇదివరకైతే లిల్లీ తప్పులూ తడకలూ కలిపి గోదారిలా పారించేది. ఇప్పుడు కుర్చీ అంచున కూర్చుని, పెదవులు కదిలించి, లోపల ఏదో తూచి, ఒక మాట బయటికి పెట్టింది. మళ్లీ ఆగింది. ఇంకో మాట. ప్రతి మాటా సరిగ్గానే ఉంది. వాక్యం పూర్తయ్యేసరికి కుక్కర్ మూడు కూతలు కూసింది.

"అక్క మాట్లాడుడు తగ్గింది" అన్నాడు టోనీ, ఆ రాత్రి గోడ వైపు తిరిగి పడుకుని. అంతే అన్నాడు.

మర్నాడే దాన్ని సరిచేద్దామని సారిక వదిన పక్కన కూర్చుంది. "వదినా, నేను చెప్పింది కొన్ని మాటల గురించే. రెండు భాషలల్ల వేల మాటలు ఒక్కతీర్గ ఉంటయి. వాటిలో చానా మటుకు అర్థం కూడా ఒక్కటే. ఒపితాల్ అంటే ఆసుపత్రే. పాసియాఁ అంటే పేషెంటే. ఎఁజెక్సియోఁ అంటే ఇంజక్షనే. నీకు ఇంగ్లీషు వచ్చు గాబట్టి సగం ఫ్రెంచి ముందే వచ్చినట్టు. అదే నీ బలం."

"మరి బ్లెస్ కూడా గట్లనే అనుకున్న గదా."

"అది పది మాటలల్ల ఒక్కటి వదినా. తొమ్మిది మంచియే."

అరుగు మీది నుంచి మామ గొంతు: "ఆ పదోదే బిడ్డా తల మీద పడేది."

"మామయ్యా, ఇది కప్పు కాదు. తప్పు మాట పడితే ఎవరూ చావరు. నవ్వుతరు, సరిచేస్తరు, అంతే."

"నేను తొమ్మిది కప్పులు సూసి పదోది వదిలేస్తే గని మీద ఎంతమంది ఉండెటోళ్లో నీకేం తెలుసు" అన్నాడాయన. గొంతు పెద్దది చేయలేదు. కానీ ఆ మాటకు ఇంట్లో ఎవరికీ బదులు చెప్పే అలవాటు లేదు. ఆయన కింద పనిచేసిన ఒక్క మనిషి కూడా కప్పు కూలి పోలేదు. ఆయన జీవితంలో గర్వంగా చెప్పుకునేది అదొక్కటే. కొత్త కోడలు దాని మీద ఏమంటుంది? సారిక బియ్యం చేటలోకి తల వంచేసింది.

లిల్లీ మెల్లగా, "నాయన చెప్పింది నిజమే గదనే. ఉన్నది ఒక్క చాన్సు. దాంట్ల నవ్వించుకుంటనా?" అంది.

సారిక తర్వాత కూడా ప్రయత్నించింది. నమ్మదగిన మాటలు వరుసగా చెబుదామని చూసింది. కానీ చెప్పిన ప్రతిదానికీ లిల్లీ, "గిట్ల కనబడి గట్ల ఉండదు గదా?" అని అడిగేది. అడిగాక సారికకు కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చేది. దాత్ అంటే తేదీ అని చెప్పి, అవును, అట్లాగే పలికి ఇంకో అక్షరం ఎక్కువ రాస్తే మాత్రం ఖర్జూరం, అని నోరు జారింది. చూశావా అన్నట్టు చూసింది లిల్లీ. తీసేద్దామనుకున్న భయానికి తన చేతులతోనే ఇంకో ఇటుక పేర్చినట్టయింది సారికకు.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం. రామగుండం ఎండ తెలిసినవాళ్లకు ఆ మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. కూలరు చప్పుడు మాటలను మింగేస్తుందని ఆపేశారు. టోనీ సెలవు పెట్టి ఇన్వర్టరు సరిచేసి, "కరెంటు సంగతి నాకొదిలేయ్ అక్కా, నాకు తెల్సిన భాష అదొక్కటే" అన్నాడు. ముందు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్. తలుపు దగ్గర, కెమెరాకు కనబడని మూల, పీట వేసుకుని సారిక. గదిలో ఇంకెవరూ ఉండరాదని వాళ్లు ముందే రాశారు. లిల్లీయే, "నువ్వు ఈడనే ఉండాలె. నోరు మాత్రం తెరవకు. నేను నీ దిక్కు సూడను కూడా" అని ఒట్టు వేయించుకుంది. సుసన్నా వంటింట్లో మోకాళ్ల మీద, ప్రార్థనలో. యిర్మియా, టోనీ వేపచెట్టు కింద మంచం మీద, చెవులు మాత్రం కిటికీ దగ్గర.

తెర మీద తెల్ల ముసుగు, కళ్లద్దాలు, నవ్వు ముఖం. సిస్టర్ జెనెవీవ్. లిల్లీ పరిచయం చెప్పుకుంది. నెమ్మదిగానైనా బాగా చెప్పింది. బెనీ అంది. ఆఁఫేత్ అంది. ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నావని సిస్టర్ అడిగితే, ఆక్త్యుయెల్‌మాఁ అని సరిగ్గా మొదలుపెట్టింది. సారిక పీట మీద ముందుకు వంగింది.

తర్వాతి మాట ఒపితాల్. అది రాలేదు.

లిల్లీ పెదవులు కదిలాయి. ఆ కదలిక సారికకు తెలుసు. మాటను కప్పులా తట్టి చూస్తోంది. హాస్పిటల్, ఒపితాల్, రెండూ ఒక్కలా ఉన్నాయి కదా, మరీ ఒక్కలా ఉన్నాయి కదా. కొంతసేపటికి, "జబ్బు చేసిన మనుషులు ఉండే ఇంట్లో" అని ఫ్రెంచిలో తిప్పి చెప్పింది. సిస్టర్ తలూపింది. నవ్వు చెదరలేదు.

"ఒక చిన్న పాపకు జ్వరం బాగా ఎక్కువగా ఉంది. తల్లి ఏడుస్తోంది. మీరు ఏం చేస్తారు?" సిస్టర్ నిదానంగా, ఒక్కో మాట విడదీసి అడిగింది.

ఇది లిల్లీకి చేతికి వచ్చిన విద్య. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. సారికకు ఆమె కుడిచేయి కనబడుతోంది. ఆ చేయి బల్ల కింద జవాబు మొత్తం చెప్పేసింది. నుదురు తాకింది, థర్మామీటరు విదిలించింది, తడిగుడ్డ పిండింది, సూది పట్టుకునే వేళ్లు కూడా కుదురుకున్నాయి. నోరు మాత్రం కదల్లేదు.

"నేను మెద్‌సాఁను పిలుస్తాను" అంది చివరికి. సరైన మాట. ఎన్నోసార్లు పరీక్షించుకున్న మాట. "తర్వాత..."

తర్వాత టెంపరేచర్. ఫ్రెంచిలోనూ దాదాపు అదే మాట. ఇన్‌ఫెక్షన్, అదే మాట. ఇంజక్షన్, అదే మాట. దారి పొడుగునా గట్టి కప్పే. సారిక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చెప్పు వదినా, చెప్పెయ్, ఇంగ్లీషే అనెయ్, ఆమెకు తెలిసిపోతుంది. తల ఊపింది, గట్టిగా, మెడ నొప్పి పుట్టేలా ఊపింది. లిల్లీ ఇటు చూడలేదు. చూడనని చెప్పింది కదా.

"ప్రెనే వోత్ర్ తాఁ" అంది సిస్టర్. నెమ్మదిగానే చెప్పమ్మా, అని. లిల్లీ ఇంకో మాట పెదవుల దాకా తెచ్చి మింగేసింది.

కిటికీ అవతల మంచం కిర్రుమంది. "ఏమాయెరా, అది ఊకున్నదేంది?" అని యిర్మియా గుసగుసగా అడిగాడు. "ష్, ఆలోచించుకుంటున్నది" అన్నాడు టోనీ. "మంచిగనే, ఆలోచించనీ. జల్ది పడొద్దు" అన్నాడు ముసలాయన.

సారిక లేచి నిలబడింది. రెండడుగులు వేస్తే చాలు. ఒక్క మాట అంటే చాలు, ఆ మాట చెవిన పడితే వదిన గొంతు తెరుచుకుంటుంది. కానీ ఆ ఒక్క మాట తెర అవతల వినబడితే అక్కడితో అంతా అయిపోతుంది. నిలబడ్డ చోటే నిలబడిపోయింది. తర్వాత మళ్లీ పీట మీద కూర్చుంది.

సిస్టర్ ఇంకో రెండు తేలిక ప్రశ్నలు అడిగింది. ఒకదానికి లిల్లీ చిన్న వాక్యం చెప్పింది, తప్పులేనిది. రెండోదానికి తల వంచుకుంది. చివరికి సిస్టర్ మెర్సీ అంది, దేవుడు నిన్ను దీవించుగాక అంది, ఉత్తరం పంపుతామంది. తెర నల్లబడింది.

అందరూ ఒక్కసారిగా గదిలోకి వచ్చేశారు. లిల్లీ చెమట తుడుచుకుంటూ కుర్చీలోంచి లేచింది. సారిక వైపు తిరిగింది. ముఖం తేటగా ఉంది.

"ఒక్క తప్పు పోలే సారికా. అనుమానం ఉన్నది ఒక్కటి గూడ అనలే. అవునా?"

ఆ కళ్లలోకి చూసి సారిక ఏమంటుంది? "అవును వదినా, ఒక్కటి గూడ పోలే" అంది. అది నిజమే.

యిర్మియా తొడ చరిచాడు. "సర్దారు బిడ్డ! నేను చెప్పలేదా?" అని పెళ్లాం నోట్లో బెల్లం ముక్క పెట్టాడు. టోనీ మాత్రం భార్య ముఖం చూసి, ఏమీ అనకుండా కూలరు ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లాడు.

ఉత్తరం తొందరగానే వచ్చింది. లిల్లీ ఫోనులో చదివి సారికకు ఇచ్చింది. మర్యాదగా రాశారు. ఆమె భాష చాలా శుద్ధంగా ఉందనీ, ఇంత జాగ్రత్తగా నేర్చుకున్నవాళ్లను తాము చూడలేదనీ. కానీ తమ వార్డులో తల్లులు భయంతో ఉంటారనీ, వాళ్లకు తప్పో ఒప్పో వెంటనే బదులు పలికే మనిషి కావాలనీ. ఇంకొకరిని తీసుకున్నామనీ. సారిక చదివి, మళ్లీ చదివింది. ఎక్కడైనా వేరే అర్థం దొరుకుతుందేమోనని ప్రతి మాటనూ తిప్పి చూసింది. ఏ మాటా ఇంకోలా లేదు.

"నాదే తప్పు వదినా. ముందు నువ్వు మాట్లాడుతుంటివి..." అని మొదలుపెట్టింది.

లిల్లీ వేలు పెదవి మీద పెట్టి, గుమ్మం వైపు చూపించింది. అరుగు మీద యిర్మియా చెప్పులు విప్పుతున్నాడు.

"ఏమన్నరు?" అన్నాడు లోపలికి వస్తూనే.

"వేరేటోళ్లను తీసుకున్నరట నాయనా."

ముసలాయన కూతుర్ని చూశాడు, కోడల్ని చూశాడు. "ఒక్క తప్పు పోలేదంటివి గదా?"

"పోలే."

"మరెందుకు తీసుకోలే?" ఆ ప్రశ్న కోడలి వైపే తిరిగింది. ఇంట్లో ఆ భాష తెలిసిన మనిషి ఆమే. "నువ్వు చెప్పు బిడ్డా. ఉత్తరంల ఏం రాసిన్రు? యాడ పొరపాటైంది?"

సారిక నోరు తెరిచింది. ఎట్లా చెప్పాలి? మీరు చెప్పినట్టు అన్నింటినీ తట్టి చూసింది మామయ్యా, గట్టిగా ఉన్నవాటిని కూడా, అందుకే కదల్లేకపోయింది, అని చెప్పాలా? అందరినీ గనిలోంచి నడిపించి ఇంటికి పంపిన ఆ మాటే కూతురి కాళ్లకు అడ్డం పడిందని ఈ ముఖం చూసి ఎవరు చెప్పగలరు? పోనీ తప్పంతా తన మీద వేసుకుందామన్నా, దానికీ ఆ కథ మొత్తం విప్పాల్సిందే. లిబ్రెరీకీ లైబ్రరీకీ తేడా ఇంత సులువుగా చెప్పిన నోటికి ఒక్క ముక్క కూడా దొరకలేదు.

"వాళ్లకు మనోళ్లు నచ్చలేదేమో నాయనా" అంది లిల్లీ లోపలి గదిలోంచి, స్కూటీ తాళం వెతుక్కుంటూ. మామూలు గొంతుతోనే. "ఏం పొరపాటు లేదు. గంతే."

"గంతేనా?" అన్నాడు యిర్మియా.

"గంతే మామయ్యా" అంది సారిక.

ఆయన మెల్లగా పోయి మంచం మీద కూర్చున్నాడు. "మనోళ్లు నచ్చకపోతే ఎవడేం చేస్తడు" అని తనలో తను అనుకున్నాడు. ఆ మాటతో ఆయనకు కొంచెం ఊపిరాడినట్టే కనబడింది.

లిల్లీ యూనిఫాం సరిచేసుకుని బయటికి వచ్చింది. సారిక గేటు దాకా వెంట నడిచింది. ఏదో ఒకటి అనాలి. క్షమించు అనాలా, నీకు ఇంకెక్కడైనా వస్తుంది అనాలా. ముప్పై దాటాక ఎక్కడ వస్తుంది?

"వదినా..."

"నాకు డ్యూటీ టైమైతుంది సారికా. పొయ్యి మీద పప్పు పెట్టినవ్, మాడుతది సూడు" అంది లిల్లీ. స్కూటీ స్టార్టు చేసింది. కొంతదూరం పోయి, దుమ్ములో ఆగి, వెనక్కి తిరక్కుండానే చేయి ఊపింది. తర్వాత చౌరస్తా వైపు, ఆ కౌంటరు వైపు, వెళ్లిపోయింది.